ఒక్క తిరుగుడుకే పని కావాలంటే

మగ్గం మీద పని చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పడుగులో ఒక పోగు తెగితే మగ్గం ఆపి, ముడి వేసి, హీల్డు కన్నులోంచి, రీడులోంచి తీసి మళ్లా నడుపుతాం. రెండు నిమిషాల పని. కాని అదే పోగు ఒక గంటలో మూడుసార్లు తెగిందనుకోండి, అప్పుడు తప్పు పోగులో లేదన్నమాట. హీల్డు కన్ను అరిగి గరుకుబడి ఉంటుంది, లేకపోతే రీడులో ఒక పన్ను వంగి ఉంటుంది. పని తెలిసిన జాబరు వస్తే ముడి వంక చూడడు, ముందు రీడును వేలితో తడిమి చూస్తాడు. పని తెలియని జాబరు మూడుసార్లు వచ్చి, మూడు ముడులు వేసి, సాయంత్రం మేస్త్రీకి "మూడు పనులు చేసిన" అని లెక్క చెప్తాడు. లెక్కలో మూడు పనులు. మగ్గం చూస్తే ఒక్కటీ కాలేదు.

ఇదే సంగతికి ఫోన్ల మీద పని చేసే కంపెనీల్లో ఒక పేరు ఉంది. ఫస్ట్ కాంటాక్ట్ రిజల్యూషన్ అంటారు. మనిషి ఒక పని మీద మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, లేదా కిటికీ దగ్గరకు వచ్చినప్పుడు, ఆ ఒక్కసారికే పని పూర్తి కావాలి, అదే పనికి రెండోసారి రావలసిన అవసరం పడకూడదు అని దాని అర్థం. మా మేనకోడలు పూణేలో ఒక కాల్ సెంటరులో మూడేళ్లు చేసింది. ఇప్పుడు సోలాపూర్‌లోనే ఉంటూ ఆదివారం పొద్దున మా హాలుకు వస్తుంది. అక్కడ మేము నలుగురం బల్ల వేసుకొని కామగారుల పి.ఎఫ్., పింఛను కాగితాలు చూస్తాం. పూర్వభాగంలో టవళ్ల కార్ఖానాల్లో, చద్దర్ల కార్ఖానాల్లో పని చేసినవాళ్లు, పాత మిల్లులవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు వస్తారు. ఒక పూట కూలి వదులుకొని వచ్చేవాళ్లకు రెండో తిరుగుడు అంటే ఇంకో పూట కూలి. అందుకే ఆ కాల్ సెంటరు లెక్క మా బల్లకు కూడా పనికొస్తుందని పట్టుకున్నాం. ఆ లెక్క ఎట్లా తీస్తారో ముందు చెప్తాను, ఎందుకంటే లెక్క తీసే పద్ధతిలోనే అసలు మర్మం ఉంది.

లెక్క పైకి సులువే. మొదటిసారికే తీరిన పనులను, వచ్చిన మొత్తం పనులతో భాగించి, నూరుతో హెచ్చవేస్తే శాతం వస్తుంది. నూరు మంది వచ్చి డెబ్బై మంది పని ఒక్కసారికే తీరితే 70 శాతం. చిక్కల్లా "తీరింది" అని ఎవరు చెప్పాలి అన్న దగ్గర ఉంది. దానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి, పని చేసినవాడే "తీరింది" అని టిక్కు పెట్టుకోవడం. ఇది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే కచ్చా లెక్క. ఫారం నింపి ఇస్తే బల్ల మీద కూర్చున్నవాడికి పని అయిపోయినట్టే. ఫారం పట్టుకొని ఇంటికి పోయినామెకు ఇంకా కాలేదు.

రెండో దారి, అదే మనిషి అదే పని మీద మళ్లా వచ్చిందా లేదా అని చూడడం. దీనికి గడువు పెట్టుకోవాలి. కొన్ని కంపెనీలు 7 రోజులు పెట్టుకుంటాయి, కొన్ని 30 రోజులు. ఆ గడువులో మళ్లా రాకపోతే తీరినట్టు. మా బల్లకు 7 రోజులు చాలవు. పి.ఎఫ్. క్లెయిము వెనక్కి వచ్చిన సంగతి వారం లోపల తెలియదు కనుక, అన్ని పనులూ తీరినట్టే కనిపిస్తాయి. అందుకని 30 రోజులు పెట్టుకున్నాం.

మూడో దారి, వచ్చినవాళ్లనే అడగడం. "మీరు వచ్చిన పని అయ్యిందా? దానికోసం మళ్లా ఎక్కడికైనా తిరిగినరా?" అని రెండే ప్రశ్నలు. ఇది ఎందుకు కావాలంటే, మళ్లా రానివాళ్లందరి పని అయినట్టు కాదు. విసిగి వదిలేసినవాళ్లు ఉంటారు. పైసలిచ్చి ఏజెంటు దగ్గరకు పోయినవాళ్లు ఉంటారు. రెండో దారి లెక్కలో వీళ్లందరూ పని తీరినవాళ్లుగానే పడతారు.

ఒక నెల లెక్క మచ్చుకు వేసి చూద్దాం. 50 మంది వచ్చారనుకోండి. బల్ల మీదవాళ్లు 44 మందికి టిక్కు పెట్టారు. అంటే 88 శాతం. నోటుబుక్కు తిప్పి చూస్తే 50 మందిలో 14 మంది అదే పని మీద నెల లోపల మళ్లా వచ్చారు. మిగిలింది 36, అంటే 72 శాతం. ఆ 36 మందికి ఫోన్ చేసి అడిగితే 6 మంది "కాలేదు, ఊరుకున్నం" అన్నారు. ఇప్పుడు మిగిలింది 30, అంటే 60 శాతం. నెల ఒకటే, బల్ల ఒకటే, మనుషులు వాళ్లే. లెక్క మాత్రం 88, 72, 60 అని మూడు విధాలుగా వచ్చింది. కాబట్టి ఎవరైనా "మా దగ్గర నూటికి ఇంతమందికి ఒక్కసారికే అవుతుంది" అంటే, ఏ దారిన లెక్క తీశారని ముందు అడగాలి.

ఇంకో మాట. మన చేతిలో లేని పనులు కొన్ని వస్తాయి. కోర్టులో ఉన్న తగాదాలు, అన్నదమ్ముల వారసత్వం పేచీలు. ఆ 50 మందిలో అట్లాంటివాళ్లు 5 మంది ఉంటే, వాళ్లను తీసేసి 45 మీద 30 అని లెక్క కట్టవచ్చు. అప్పుడు సుమారు 67 శాతం వస్తుంది. రెండు లెక్కలూ న్యాయమైనవే, కాని రెండూ పక్కపక్కన రాయాలి. లేకపోతే కష్టమైన పనినల్లా "మన చేతిలో లేదు" అనే డబ్బాలో పడేసి శాతం పెంచుకోవడం అలవాటవుతుంది.

ఇక ఒక్కసారికే పని తీర్చడం ఎట్లా అన్నది. దీనికి ఒక చెల్లెమ్మ సంగతి వివరంగా చెప్తాను. పేరు, ఊరి పేట చెప్పను. భర్త టవళ్ల కార్ఖానాలో పని చేస్తూ ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. వయసు 44. ఇద్దరు పిల్లలు, 17 ఏళ్ల బిడ్డ, 14 ఏళ్ల కొడుకు. ఆమె వచ్చి అడిగింది ఒక్కటే మాట.

"అన్నా, మా ఆయన పి.ఎఫ్. పైసలు తీసుకోవాలె. ఆ ఫారం నింపియ్యరాదూ?"

ఆమె అడిగిన మాటకే జవాబు చెప్తే పది నిమిషాల్లో అయిపోతుంది. చనిపోయినవారి పి.ఎఫ్. కోసం 20 నంబరు ఫారం. నింపి ఇచ్చేసి టిక్కు పెట్టుకోవచ్చు. కాని అది తెగిన పోగుకు ముడి వేయడమే. మా మేనకోడలు పెన్ను పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడిగింది.

"అక్కా, బావ పోయిన రోజు వరకు పనిలో ఉన్నడా, ముందే మానేసిండా?"

"రాత్రి పాళీ చేసి వచ్చి పొద్దున పోయిండు."

"పిల్లల వయసు ఎంత?"

"బిడ్డకు పదిహేడు, పిల్లగానికి పద్నాలుగు."

"ఆయన ఆధార్ మీద పేరు, కార్ఖానా స్లిప్పు మీద పేరు ఒక్క తీరుగనే ఉన్నయా?"

"ఏమో, నేను చూడలే."

"నీ పేరు మీద బ్యాంకుల ఖాతా ఉన్నదా, ఆయనతో కలిసి ఉన్నదా?"

"కలిసి ఉన్నది."

ఈ నాలుగు జవాబులతో పని మొత్తం మారిపోయింది. ఎందుకో ఒక్కొక్కటి చెప్తాను.

పనిలో ఉండగా చనిపోయాడు కాబట్టి ఆమెకు రావలసింది పి.ఎఫ్. ఒక్కటే కాదు, మూడు ఉన్నాయి. ఒకటి పి.ఎఫ్. జమ. రెండోది నెల నెలా వితంతు పింఛను. మూడోది ఇ.డి.ఎల్.ఐ. అనే బీమా, దానికి కామగారు దగ్గర ఒక్క పైసా కోయరు, యజమానే కడతాడు. చాలామంది "పదేళ్లు నిండితేనే పింఛను" అనుకొని అడగనే అడగరు. పదేళ్ల సర్వీసు నియమం మనిషి బతికి ఉండి 58 ఏళ్లకు తీసుకొనే పింఛనుకు. పనిలో ఉండగా చనిపోతే పింఛను ఖాతాలో ఒక్క నెల జమ పడి ఉన్నా భార్యకు పింఛను హక్కు ఉంది. పిల్లల వయసు అడిగింది కూడా అందుకే. 25 ఏళ్లు నిండేవరకు పిల్లలకు వేరే పింఛను ఉంది, ఒకసారికి ఇద్దరు పిల్లల వరకు, ఒక్కొక్కరికి తల్లి పింఛనులో నాలుగో వంతు. ఆమెకు ఇద్దరే కాబట్టి ఇద్దరికీ వస్తుంది.

వెనకటికి ఈ మూడింటికి మూడు ఫారాలు ఉండేవి, పి.ఎఫ్.కు 20, పింఛనుకు 10-డి, బీమాకు 5-ఐ.ఎఫ్. ఇప్పుడు చనిపోయినవారి విషయంలో మూడూ కలిపి ఒకటే ఫారం ఉంది. దాంట్లో ఏది కావాలో గుర్తు పెట్టాలి. ఒక్కదానికే గుర్తు పెట్టి ఇస్తే ఒక్కటే వస్తుంది. ఆరు నెలల తర్వాత పక్కింటివాళ్లు "నీకు పింఛను రాలేదా?" అన్నప్పుడు ఆమె మళ్లా మొదటినుంచి తిరగాలి.

తర్వాత పేరు. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఇదే పెద్ద ముల్లు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. మరాఠీ పద్ధతిలో మనిషి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కార్ఖానా గుమాస్తా ఒక తీరుగా రాస్తాడు, బడి దాఖలాలో ఇంకో తీరు, ఆధార్‌లో మూడో తీరు. ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, మధ్యలో భర్త పేరు. పెళ్లిలో అసలు పేరే మార్చినవాళ్లూ ఉన్నారు. నరసయ్య అనే పేరు ఇంగ్లీషులో రాస్తే ఒకచోట ఒక ఎస్, ఇంకోచోట రెండు ఎస్‌లు. మనకు అది ఒకే మనిషి. కంప్యూటరుకు ఇద్దరు. క్లెయిము వెనక్కి వచ్చేది చాలాసార్లు దీనివల్లనే.

ఆమె దగ్గర ఉన్న కాగితాలు బల్ల మీద వరుసగా పరిచాం. ఆధార్, కార్ఖానా జీతం స్లిప్పు, పి.ఎఫ్. పాసుబుక్కు ముద్రణ, మరణ దాఖలా. నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాం. ఆధార్‌లో, మరణ దాఖలాలో పేరు సరిగ్గా ఉంది. పి.ఎఫ్. పాసుబుక్కులో ఇంటిపేరు లేనే లేదు, తండ్రి పేరుతో ఆగిపోయింది. ఇది అట్లాగే పంపితే వెనక్కి వస్తుందని అక్కడే తెలిసింది. దీనికి జాయింట్ డిక్లరేషన్ అని ఒక కాగితం ఉంది. పేరు సరిచేయమని ఇంటివాళ్లు, యజమాని ఇద్దరూ కలిసి సంతకం చేసి ఇచ్చేది. మనిషి చనిపోయిన తర్వాత వారసులు ఇవ్వవచ్చు.

కార్ఖానాకు ఎట్లాగూ పోవాలి, ఎందుకంటే కలిపి ఉన్న ఆ ఫారం మీద కూడా యజమాని సంతకం, ముద్ర కావాలి. అక్కడే చూడవలసింది ఇంకొకటి ఉంది. మనిషి పని వదిలిన తేదీని, కారణాన్ని యజమాని కంప్యూటరులో ఎక్కించాలి. కారణం దగ్గర "పనిలో ఉండగా మరణం" అని ఉండాలి. ఊరికే "పని మానేశాడు" అన్న గుర్తు పెడితే, బీమా దగ్గర చిక్కు వస్తుంది. అందుకని ఆమె చేతికి ఒక చీటీ రాసి ఇచ్చాం. అందులో మూడే సంగతులు. ఫారం మీద సంతకం, ముద్ర. జాయింట్ డిక్లరేషన్ మీద సంతకం, ముద్ర. పని వదిలిన తేదీ, కారణం ఎక్కించారా అని అడగడం. కార్ఖానాకు మూడు తిరుగుళ్ల పని ఒక్కదానిలో ముగిసింది.

బ్యాంకు సంగతి కూడా అట్లాంటిదే. ఖాతా భర్తతో కలిసి ఉంది. భర్త పోయిన తర్వాత ఆ ఖాతా మీద పెట్టుకుంటే తిప్పలు. ఆమె ఒక్కతే పేరు మీద, ఆధార్‌లో ఉన్న అక్షరాలతో ఖాతా తెరవమని, దాని పాసుబుక్కు మొదటి పేజీ స్పష్టంగా కనిపించేటట్టు జిరాక్సు తీయమని చెప్పాం. పిల్లల పుట్టిన దాఖలాలు, ఫోటోలు కూడా చీటీ వెనక రాశాం.

ఇక్కడ మీరు అడగవచ్చు. ఆమె మళ్లా రానే వచ్చింది కదా, కాగితాలు తయారు చేసుకొని? మరి ఒక్కసారికే అయినట్టు ఎట్లా? ఈ ప్రశ్న సరైనదే. మా నోటుబుక్కులో దీనికి ఒక కట్టుబాటు ఉంది. ముందే తేదీ చెప్పి, ఏం తేవాలో రాసి ఇచ్చి రమ్మన్న రెండో రాక అదే పనిలో భాగం. చెప్పని కాగితం కోసం, అడగని ప్రశ్న కోసం, చూడని అక్షరం కోసం వచ్చిన రాక అయితే అది ఓడిపోయిన లెక్క. ఆమె చెప్పిన ఆదివారమే అన్నీ పట్టుకొని వచ్చింది, ఫారం ఆ రోజే పూర్తయింది. ఈ తేడాను కట్టుబాటుగా రాసి పెట్టుకోకపోతే, ప్రతి రెండో రాకను "మేమే రమ్మన్నాం" అని మాఫీ చేసుకోవచ్చు. అందుకే రమ్మన్న తేదీ, తేవాలన్న కాగితాలు మొదటి రోజే నోటుబుక్కులో ఎక్కాలి. తర్వాత ఎక్కించినది చెల్లదు.

పోయేముందు ఆమెకు ఇంకో రెండు మాటలు చెప్పాం. వీటిని కాల్ సెంటరులో "రాబోయే ప్రశ్న" అంటారని మా మేనకోడలు చెప్పింది. ఈ పని అయిన తర్వాత మనిషి ఏ ప్రశ్నతో మళ్లా వస్తుందో అది ఇప్పుడే చెప్పేయడం. ఒకటి, మూడు రకాల పైసలు ఒకే రోజు పడవు, వేరువేరుగా పడతాయి, ఒకటి పడగానే మిగతావి పోయాయని భయపడవద్దు. రెండు, పింఛను మొదలైన తర్వాత ఏటా ఒకసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికి ఉన్నట్టు దాఖలా ఇవ్వాలి. అది నవంబరులోనే ఇవ్వాలని లేదు. ఏ నెలలో ఇస్తే అక్కడినుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. ఇది తెలియక పింఛను ఆగిపోయి వచ్చేవాళ్లు మా బల్లకు ప్రతి ఏడూ ఉంటారు.

ఈ మొత్తానికి గంటా పది నిమిషాలు పట్టింది. అదే సమయంలో ఏడు ఫారాలు నింపవచ్చు. పక్క బల్ల అన్న గడియారం చూశాడు, బయట వరుసలో ఉన్నవాళ్లు గొణిగారు. ఇది ఉన్న మాటే, దాచనక్కర లేదు. ఒక్కసారికే తీర్చాలంటే ఒక్కొక్కరికి సమయం ఎక్కువ పడుతుంది. కాల్ సెంటర్లలో కూడా ఇదే గొడవ. ఒక పక్క "ఫోన్ తొందరగా పెట్టెయ్యి" అని నిమిషాల లెక్క, ఇంకో పక్క "ఒక్కసారికే తీర్చు" అని శాతం లెక్క. రెండూ ఒకే మనిషి మెడ మీద పెడితే, ఆ పిల్ల ఏదో ఒకటి అబద్ధం రాయక తప్పదు. మేము నిమిషాలు లెక్కపెట్టడం మానేశాం. బదులుగా వరుసను రెండు చేశాం. జీవన్ ప్రమాణ్ వంటి చిన్న పనులకు ఒక బల్ల, మరణం, పేరు తప్పులు వంటి పెద్ద పనులకు ఇంకో బల్ల. చిన్న పని ఉన్నవాడు పెద్ద పని వెనక నిలబడవలసిన అవసరం లేకుండా పోయింది.

నోటుబుక్కు వల్ల ఇంకో లాభం ఉంది. మళ్లా వచ్చినవాళ్ల పేరు పక్కన ఎందుకు వచ్చారో ఒక్క మాట రాస్తాం. పేరు తేడా, బ్యాంకు ఖాతా, యజమాని సంతకం, తేదీ ఎక్కలేదు, చెప్పిన మాట అర్థం కాలేదు. నెలాఖరున ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే, రీడులో వంగిన పన్ను ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. పేరు తేడా ఎక్కువగా వస్తే, అక్షరాలు సరిచూడడం ఫారం ముట్టుకోకముందే పెట్టుకోవాలి. "అర్థం కాలేదు" ఎక్కువగా వస్తే, నోటితో చెప్పడం మాని చీటీ రాసివ్వాలి, చదువు రానివాళ్లకు ఇంట్లో చదివే పిల్లలను వెంట తెమ్మనాలి. శాతం ఎంత అన్నది పైవాళ్లకు చెప్పుకోవడానికి. ఎందుకు మళ్లా వచ్చారన్న ఆ ఒక్క మాటే పనిని బాగుచేస్తుంది.

బల్లకు ఇవతల కూర్చొనేవాళ్లు కూడా చేయవలసింది కొంత ఉంది. ఏ ఆఫీసుకు పోయినా, ఏ ఫోన్ చేసినా, లేచేముందు మూడు ప్రశ్నలు అడగండి. "దీనితోపాటు నాకు రావలసినది ఇంకేమైనా ఉన్నదా?" "ఇది వెనక్కి రావడానికి ఏమైనా కారణం కనిపిస్తున్నదా?" "ఎన్ని రోజులకు తెలుస్తది, తెలియకపోతే ఎవరిని అడగాలె?" జవాబులు కాగితం మీద రాయించుకోండి, తేదీ వేయించుకోండి. ఇంట్లో ఇంకా పనికి పోయేవాళ్లు ఉంటే, ఈ వారమే ఆధార్, జీతం స్లిప్పు, పి.ఎఫ్. పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. మనిషి ఉన్నప్పుడు ఆ తేడా సరిచేయించుకోవడం ఒక సంతకం పని. పోయిన తర్వాత అది ఆడమనిషి నెత్తిన పడుతుంది.